కీ పైకి లేచిందన్న కబురు

ఒక డాక్యుమెంటులో మాట మధ్యలో "కకకకకకకక" అంటూ పేజీ నిండా ఒకే అక్షరం పడి ఉంటే, "కీ ఇరుక్కుపోయింది" అనేసి చెరిపేస్తాం. కానీ ఆ వరుసలో చదవదగిన సమాచారం చాలా ఉంది. దాన్ని చదవాలంటే కీబోర్డు కంప్యూటరుకు ఏం చెబుతుందో ముందు తెలియాలి.

పాత చేతి టైప్‌రైటరులో ఈ బెడదే లేదు. ఒకసారి నొక్కితే ఒక్క అక్షరమే. కడ్డీ ఇరుక్కుంటే యంత్రం ఆగిపోయేది తప్ప అక్షరాలు కురిపించేది కాదు. 1963లో వచ్చిన టెలిటైప్ 33లో అక్షరం మళ్లీ మళ్లీ పడాలంటే REPT అనే వేరే కీని కూడా కలిపి నొక్కాలి. కావాలని రెండు వేళ్లు వాడితేనే వరుస వచ్చేది. 1981 నాటి ఐబీఎం పీసీ కీబోర్డు ఆ రక్షణను తీసేసింది. దాని లోపలి చిన్న ప్రాసెసరు ఏ కీనైనా అరసెకను పాటు నొక్కి ఉంచితే, ఆపైన సెకనుకు పదిసార్ల చొప్పున ఆ కీ సంఖ్యను పంపుతూనే ఉంటుంది. కింద ఉన్నది వేలా, పుస్తకం అంచా, ఎండిపోయిన టీ మరకా అన్నది దానికి తెలిసే దారి లేదు.

1984లో వచ్చిన ఏటీ కీబోర్డులో ఎ కీని నొక్కగానే 1C అన్న సంఖ్య వెళ్తుంది. వదలగానే F0 1C వెళ్తుంది. కీ పైకి లేచిందన్న కబురు ఇదే. అది వెలువడేదాకా 1C, 1C, 1C అని సాగుతూనే ఉంటుంది. కాబట్టి పొడవాటి వరుసకు అసలు అర్థం "కీ ఇరుక్కుంది" అని కాదు, "వదిలిన కబురు అందలేదు" అని. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా విడిపోతుంది.

ముందుగా పొడవు చూడాలి. ఒక ఫైలులో 900 అక్షరాల వరుస ఉందనుకుందాం. ఏటీ కీబోర్డు మామూలు వేగం సెకనుకు సుమారు 10.9 అక్షరాలు, అంటే ఆ కీ దాదాపు 83 సెకన్లు కిందే ఉంది. ఇప్పటి విండోస్ మామూలు అమరికలో వేగం సుమారు 30. అప్పుడదే వరుస అరనిమిషంలో తయారవుతుంది. వేగం తెలియకుండా పొడవును బట్టి కాలం చెప్పకూడదు. పాత పీసీల్లో ఇంకో చిక్కుంది. ప్రోగ్రాము వేరే పనిలో మునిగి కీలు చదవడం మానేస్తే, బయోస్ 15 కీలను మాత్రమే దాచుకుని, ఆపైన వచ్చినవాటిని బీప్ మోతతో వదిలేసేది. తిరిగి చదవడం మొదలవగానే ఒక్కసారిగా 15 అక్షరాలు తెరమీద పడేవి. ఆ 15 కీ ఎంతసేపు కిందుందో చెప్పవు, దాచుకునే చోటు నిండిందని మాత్రమే చెబుతాయి. ఆ యంత్రాలు ఆన్ చేయగానే తమను తాము పరీక్షించుకుని, ఇరుక్కున్న కీ ఉంటే దాని సంఖ్యను, వెనకే 301ని చూపించేవి.

తర్వాత వరుస ఎలా ముగిసిందో చూడాలి. కీబోర్డు చివరగా నొక్కిన కీనే తిరిగి తిరిగి పంపుతుంది. మొదటి కీ ఇంకా కిందే ఉన్నా, మరో కీ నొక్కితే పాత వరుస తెగిపోతుంది, రెండోది వదిలినా మళ్లీ మొదలవదు. వరుస తర్వాత ఆ మాటలోని తర్వాతి అక్షరమే సరిగ్గా పడి ఉంటే, మనిషి అక్కడే ఉండి టైపు చేస్తున్నాడని దాదాపు నమ్మొచ్చు. వరుస దానంతటదే ఆగి, తర్వాత ఏమీ లేకపోతే, మీద పడిన వస్తువును ఎవరో తీసినట్టు అనుకోవచ్చు. అక్షరం రెండేసిసార్లే పడుతుంటే ఇరుక్కోవడం కాదు, స్విచ్చిలోని స్పర్శ తుళ్లుతోంది.

అన్నిటికన్నా నేను నమ్మే ఆధారం ఇంకొకటి: ఎప్పుడూ ఒకే అక్షరమా, రోజుకో అక్షరమా? ఒకటే అయితే తప్పు ఆ కీది. దాన్ని ఊడదీసి శుభ్రం చేయాలి. అక్షరాలు మారుతుంటే కీబోర్డును విప్పడం దండగ, కబురు వెళ్లే దారిలో చూడాలి. దూరం నుంచి వర్చువల్ మెషీన్‌లో లినక్స్ వాడేవారికి ఇది బాగా ఎదురవుతుంది. నొక్కిన కబురు వెంటనే చేరుతుంది, వదిలిన కబురు నెట్‌వర్క్‌లో ఆలస్యమవుతుంది. ఆ మధ్యలో లోపలి లినక్స్, వేలు ఇంకా కిందే ఉందనుకుని తనే అక్షరాలు పుట్టిస్తుంది. ఇక్కడ ఏ కీ ఇరుక్కోలేదు. వీఎంవేర్ దీనికి చెప్పిన మందు, మెషీన్ అమరికల ఫైలులో ఈ ఒక్క వరస:

```
keyboard.typematicMinDelay = "2000000"
```

ఆ అంకె మైక్రోసెకన్లలో ఉంది, అంటే రెండు సెకన్లు. అంతసేపు కీ కిందే ఉంటే తప్ప పునరావృతం మొదలవదు. కావాలని గీతలు గీయడానికి కీ నొక్కి ఉంచేవారు ఆ రెండు సెకన్లూ ఆగాల్సిందే. కబురు అంతకన్నా ఆలస్యమైతే వరుస మళ్లీ వస్తుంది, అప్పుడు సరిచేయాల్సింది నెట్‌వర్క్‌నే.