అరకు రైలు, అరవై సెకన్లు

తక్కువ ఖర్చుతో చేసిన వారాంతపు ప్రయాణాన్ని షార్ట్‌గా తీయాలంటే ముందుగా కాగితం మీద మూడు సిద్ధం కావాలి: ఒక్క వాక్యంలో ఆలోచన, తీయాల్సిన షాట్ల జాబితా, వినిపించాల్సిన వ్యాఖ్యానం. యూట్యూబ్ 2024 అక్టోబరు నుంచి షార్ట్‌కు మూడు నిమిషాల దాకా వీలిచ్చింది. అయినా రెండు రోజుల చిన్న ప్రయాణానికి నిమిషం చాలు. విశాఖపట్నం నుంచి బొర్రా గుహల మీదుగా అరకు వెళ్లి మర్నాడు తిరిగొచ్చే ప్రయాణాన్నే ఉదాహరణగా తీసుకుంటే ఈ మూడూ ఎలా కుదురుతాయో తెలుస్తుంది.

'అరకు అందాలు' అన్నది ఆలోచన కాదు, శీర్షిక మాత్రమే. అందులో చూసేవాడికి తేలాల్సిన ప్రశ్న ఏదీ లేదు. 'ఇద్దరు మనుషులు శనివారం పొద్దున మామూలు రైలెక్కి ఆదివారం రాత్రికి తిరిగొస్తే ఎంతవుతుంది?' అన్నది ఆలోచన. జవాబు చివరి సెకన్లలో వస్తుంది కాబట్టి అంతవరకు చూడటానికి ఒక కారణం ఉంటుంది. ఏ షాట్ ఉండాలో, ఏది పోవాలో కూడా ఈ వాక్యమే తేలుస్తుంది. డబ్బు ఖర్చయ్యే చోటుగానీ, ఖర్చు లేకుండా దొరికే ఆనందంగానీ కానిది ఎంత బాగున్నా పక్కన పెట్టాల్సిందే.

షాట్లకన్నా ముందు వ్యాఖ్యానం రాసుకోవడం మేలు. తెలుగు మాటలు పొడుగు. నిమిషంలో రైలు చప్పుడుకూ గుహలోని నిశ్శబ్దానికీ కాస్త చోటు మిగలాలంటే డెబ్బై ఐదు మాటలు దాటకూడదు. ఈ ప్రయాణానికి వ్యాఖ్యానం ఇలా ఉండవచ్చు:

'విశాఖ నుంచి అరకు. ఇద్దరం. రెండు రోజులు. ఎంతయిందో చివర్లో చెబుతాం.

పొద్దున్నే కిరండూల్ బండి. శృంగవరపుకోట దాటాక కొండెక్కుతుంది. ఇక సొరంగం వెనక సొరంగం.

బొర్రాలో దిగితే గుహలు నడిచి వెళ్లేంత దూరమే. లోపల మెట్లెక్కువ, తడి ఎక్కువ. జారని చెప్పులు వేసుకోండి.

సాయంత్రానికి బస్సులో అరకు. చవక గది, వేడి కాఫీ. జేబుకు కాస్త బరువైంది ఈ బొంగు చికెనే.

ఇప్పుడు లెక్క. ఇద్దరికీ ప్రయాణం ఇంత, గది ఇంత, తిండి ఇంత, టికెట్లు ఇంత. మొత్తం ఇంత. విశాఖ చేరే ఖర్చు ఇందులో లేదు.'

'ఇంత' అన్న చోట్లు ఇంటికొచ్చాకే నిండుతాయి. బయలుదేరక ముందే అంకె అనేసుకుంటే దానికి సరిపడేలా ఖర్చులు దాచే పని మొదలవుతుంది. ఈ రకం వీడియోల్లో ఎక్కువగా కనిపించే లోపం అదే. విశాఖ చేరే ఖర్చు లేదన్న చివరి వాక్యం నాలుగు సెకన్లు తింటుంది గానీ, హైదరాబాద్‌లో చూసేవాడికి అసలు సంగతి అదే. తీసేయకూడదు.

ఇక షాట్ల జాబితా. నిమిషానికి పద్దెనిమిది, ఇరవై షాట్లు సరిపోతాయి. చాలావాటికి రెండు మూడు సెకన్లు చాలు: టికెట్ పట్టుకున్న చెయ్యి, బోగీ మీది బోర్డు, కిటికీ ఊచల మీద పిల్లవాడి వేళ్లు, బొర్రా స్టేషన్ పేరు పలక, గుహ ముఖం. ప్రతి చోటా దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి తీసుకుంటే కూర్చేటప్పుడు అతుకులు తేలిగ్గా పడతాయి. ఫోన్ నిలువుగానే పట్టుకోవాలి. అంకెలు, ముఖ్యమైన వస్తువులు తెర అడుగునా కుడి అంచునా రాకూడదు, అక్కడ యాప్ గుర్తులు వాటిని కప్పేస్తాయి.

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది సొరంగానికే. ఈ రైలు మార్గాన్ని 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేశారు. కనుమల్ని చీల్చుకుంటూ పోవడంతో శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి మీదుగా బొర్రా చేరేలోపు సొరంగాలు వరసగా వస్తాయి. ఫోన్‌ను దాని మానాన వదిలేస్తే చీకట్లోకి వెళ్లగానే వెలుతురు పెంచేసి తెరంతా గరుకు చుక్కలు నింపుతుంది. బయటికి రాగానే తెర తెల్లగా మాడిపోయి, లోయ కనిపించేసరికి అసలు క్షణం జారిపోతుంది. అందుకని సొరంగం రాకముందే బయటి కొండ మీద వేలు నొక్కి పట్టి వెలుతురును, ఫోకస్‌ను లాక్ చేయాలి. అప్పుడు లోపల చిక్కటి నలుపు, బయటికి రాగానే పచ్చటి లోయ స్పష్టంగా వస్తాయి. ఆ నలుపు కత్తిరింపుకూ పనికొస్తుంది: ఒక సొరంగంలోకి వెళ్లి మరో సొరంగంలోంచి బయటపడినట్టు అతికితే అతుకు కనబడదు. సొరంగంలో కుర్రాళ్ల ఈలలు, కేకలు మామూలే. వాటిపై పాట వేయకుండా ఎనిమిది సెకన్లు అలాగే వదిలేయాలి. షాట్ల మధ్య శబ్దం తెగకుండా రైలు చప్పుడును రెండు నిమిషాలు విడిగా రికార్డు చేసుకోవాలి. ఇదంతా కిటికీ లోపలి నుంచే. మెట్ల మీద వేలాడుతూ తీయడం నేరం, సొరంగం గోడ కూడా ఎంతో దూరాన ఉండదు.

గుహలో చిక్కు వేరు. అక్కడి రంగు దీపాల కింద వీడియోలో చారలు పరుగెత్తుతుంటే, మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కావడమే సాధారణంగా కారణం. ప్రో మోడ్‌లో షటర్ వేగాన్ని 1/50కి గానీ 1/100కి గానీ మారిస్తే చాలావరకు పోతాయి. చీకట్లో నడుస్తూ తీస్తే బొమ్మ అలుక్కుపోతుంది. కటకటాలకు మోచెయ్యి ఆనించి, కదలకుండా ఐదు సెకన్లు తీయాలి. పైకప్పు ఎత్తు తెలియాలంటే ఫ్రేములో ఒక మనిషి ఉండాలి.

బొంగు చికెన్‌కు రెండో అవకాశం ఉండదు. బొంగు మూతికి కుక్కిన ఆకులు, నిప్పుల మీద నల్లబడే వెదురు, చీల్చగానే ఎగసే ఆవిరి, ఆకులో పడ్డ ముక్కలు అదే వరుసలో రావాలి. కాల్చే మనిషికి ముందే చెప్పి, చీల్చేముందు ఒక్క క్షణం ఆగమని అడగాలి. దారిపక్క సీతాఫలాలు, తేనె అమ్మే ఆదివాసీ మహిళల్ని కూడా అడిగాకే తీయాలి, వద్దంటే ఫోన్ దించేయాలి.

చివరి పదిహేను సెకన్ల షాట్ కోసం ప్రయాణమంతా చిల్లర కాగితాలు దాచాలి. రైలు టికెట్లు, గది రసీదు, గుహ టికెట్టు ఒక్కొక్కటే బల్ల మీద పడుతుంటే పక్కన అంకె పెరుగుతూ పోవాలి. రసీదు లేని చాయ్, ఆటో ఖర్చుల్ని అప్పటికప్పుడే ఫోన్‌లో రాసుకోకపోతే మొత్తం తప్పుతుంది.

వ్యాఖ్యానాన్ని బండిలో కాకుండా ఇంట్లో, బట్టల బీరువా తలుపు తెరిచి దాని ముందు చదివితే గొంతు మారుమోగదు. ఒక వాక్యం రెండుసార్లు తడబడితే తప్పు గొంతుది కాదు, వాక్యానిది. దాన్ని రెండుగా విరవాలి. తెర మీద మొత్తంతో పాటు ప్రయాణం చేసిన నెల, సంవత్సరం కూడా వేయాలి. గది అద్దెలు సెలవుల్లో ఒకలా, మామూలు రోజుల్లో ఒకలా ఉంటాయి.