కడుపుబ్బరానికి ఎంజైమ్ మాత్ర ఎవరికి?

పాలు తాగిన గంటా రెండు గంటల్లో పొట్ట ఉబ్బి, గడబిడ చేసేవారిలో చాలామందికి లాక్టేజ్ మాత్ర పనికొస్తుంది. పాలలోని లాక్టోజ్ చక్కెరను విడగొట్టే ఈ ఎంజైమ్ వారి చిన్నపేగులో తక్కువ. అరగని చక్కెరను పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టడంతో గ్యాస్ పుడుతుంది. అందుకే మాత్రను మొదటి గుక్కతోనే వేసుకోవాలి. ఉబ్బరం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. రెండు వారాలు పాలు మానేసి, మళ్లీ తాగి చూస్తే కారణం పాలేనా అన్నది చాలావరకు తేలుతుంది. పెరుగు మాత్రం వీరిలో చాలామందికి పడుతుంది. తోడులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌ను కొంత ఖర్చు చేసేస్తుంది.

క్లోమం దెబ్బతిని, మలం జిడ్డుగా తేలుతూ బరువు తగ్గేవారికి డాక్టర్ రాసిచ్చే ప్యాంక్రియాటిన్ అవసరం. ఆరోగ్యవంతులకు 'ఏం తిన్నా ఇట్టే అరుగుతుంది' అనే ప్రకటనలకు గట్టి ఆధారం లేదు. ఉబ్బరంతో పాటు మలంలో రక్తం కనిపిస్తే మాత్రలు కొనకండి, వెంటనే డాక్టర్‌ను కలవండి.