జవాబే విజిటింగ్ కార్డు!

ఒకప్పుడు ఊళ్లో మంచి మెకానిక్ ఎవరో తెలియాలంటే టీ కొట్టు దగ్గర అడిగితే చాలు. 'ఫలానా ఆయన దగ్గరికెళ్లు, డబ్బు కోసం లేని రిపేరు చెప్పడు' అనేవారు. ఇప్పుడా టీ కొట్టు ఇంటర్నెట్‌లోకి మారింది. జనం కోరాలోనో, స్టాక్ ఓవర్‌ఫ్లోలోనో ప్రశ్న వేస్తున్నారు. తెలిసినవాళ్లు పైసా తీసుకోకుండా జవాబు రాస్తున్నారు. కొన్నాళ్లకు ఆ జవాబు చదివిన ఎవరో 'మా ఇంటి పని కూడా మీరే చూస్తారా?' అని అడుగుతున్నారు. పైకి ఉచితసేవలా కనిపించే ఈ పనిలో చాలా లెక్కే ఉంది!

పది లక్షల పాయింట్ల స్కీట్

ఈ దారిలో పేరు తెచ్చుకున్నవారిలో ముందు చెప్పుకోవాల్సింది జాన్ స్కీట్ గురించి. ప్రోగ్రామర్ల సందేహాలు తీర్చడానికి 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఆయన తొలి ఏడాదే చేరారు. అక్కడ ఒక జవాబు నచ్చి ఎవరైనా ఓటేస్తే పది పాయింట్లు. ప్రశ్న అడిగినవారే 'ఇదే సరైన జవాబు' అని గుర్తు పెడితే పదిహేను. ఓట్ల ద్వారా రోజుకు రెండొందలకు మించి రావు. అంటే ఒక్కరోజు హడావుడి చేసి పేరు కొట్టేయడం కుదరదు. అలాంటిచోట 2018లో పది లక్షల పాయింట్లు దాటిన తొలి వ్యక్తి స్కీట్. వృత్తిరీత్యా గూగుల్‌లో ఇంజినీరు. ప్రపంచంలో ఏ మూల ప్రోగ్రామర్‌ని అడిగినా ఆయన పేరు చెప్పేంత గుర్తింపు మాత్రం ఆ జవాబులతోనే వచ్చింది.

అందరూ స్కీట్ కానక్కర్లేదు. చేసే పనిని బట్టి వందమంది నమ్మినా చాలు. అది ఎలా జరుగుతుందో చూడాలంటే కంప్యూటర్లతో సంబంధం లేని ఓ వృత్తిని తీసుకుందాం.

ఒక ప్రశ్న... రెండు జవాబులు

గుంటూరులో ఇళ్లమీద సోలార్ ప్యానెళ్లు బిగించే ఓ ఇంజినీరు ఉన్నాడనుకుందాం. కోరాలో అతనికో ప్రశ్న కనిపించింది: 'మాకు నెలకు 300 యూనిట్లు కాలుతున్నాయి. ఎన్ని కిలోవాట్ల సోలార్ పెట్టించుకోవాలి?'

చాలామంది ఇలా రాస్తారు: 'సోలార్ పర్యావరణానికి మంచిది. ఉత్తమ ధరలకు మమ్మల్ని సంప్రదించండి.' కింద ఫోన్ నంబరు. ఇది జవాబు కాదు, గోడమీద అంటించిన పోస్టరు. ఇలాంటివాటిని కోరా స్పామ్‌గా లెక్కగడుతుంది. అదే పేరాను పది ప్రశ్నల కింద అతికిస్తే ఖాతాకే ఎసరు రావచ్చు.

రెండో పద్ధతిలో మొదటి వాక్యమే జవాబు: 'మీకు మూడు కిలోవాట్లు సరిపోతుంది.' ఎందుకంటే కోరా జవాబులో మొదటి రెండు మూడు వరుసలే చూపించి మిగతాది మడతపెడుతుంది. ఉపోద్ఘాతంతో మొదలుపెడితే ఆ మడత ఎవరూ విప్పరు. ఆ తర్వాత లెక్క. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది, అంటే నెలకు 120. మూడువందల్ని 120తో భాగిస్తే రెండున్నర. వర్షాకాలం, ప్యానెళ్లమీద దుమ్ము దృష్టిలో పెట్టుకుంటే మూడు. దానికి డాబామీద సుమారు 300 చదరపు అడుగుల నీడపడని చోటు కావాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ ఉంది.

ఇక్కడితో ఆపినా మంచి జవాబే. కానీ ఫోన్ మోగించేది దీని తర్వాత వచ్చే పేరా. 'కరెంటు లైనుతో కలిపి, బ్యాటరీ లేకుండా పెట్టే మామూలు సోలార్, కరెంటు పోతే ఎండ ఉన్నా పనిచేయదు. లైను మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోతుంది. మీ బాధ బిల్లు కాదు, కోతలే అయితే బ్యాటరీ ఉన్నది చూసుకోండి. డాబాకు దక్షిణాన కొబ్బరిచెట్టో, ట్యాంకు నీడో ఉంటే ముందు దాని సంగతి తేల్చుకోండి' అని రాస్తాడతను. అమ్మేవాడు సాధారణంగా దాచే విషయాన్ని ముందే చెప్పాడు కాబట్టి చదివినవారికి నమ్మకం కుదురుతుంది.

ఏ ప్రశ్న ఎంచుకోవాలి?

కనిపించిన ప్రతి ప్రశ్నకూ జవాబు రాస్తే వేళ్లు నొప్పి తప్ప ఫలితం ఉండదు. 'సోలార్ అంటే ఏమిటి?' అని అడిగేది హోంవర్కు చేసుకునే పిల్లలు. 'మా డాబాకు ఎంత?' అనేవారు డబ్బు ఖర్చుపెట్టబోతున్నవారు. రాయాల్సింది రెండోరకానికే. ఆ ప్రశ్నను గూగుల్‌లో వెతికి, మొదటి పేజీలో కోరా లింకు వస్తుందో లేదో చూసుకోవడం ఇంకో కిటుకు. వస్తుంటే ఆ జవాబును ఏళ్ల తరబడి కొత్తవాళ్లు చదువుతూనే ఉంటారు.

దూరం సంగతీ మర్చిపోకూడదు. గుంటూరు ఇంజినీరు లక్నో ప్రశ్నకు ఎంత బాగా రాసినా అక్కడికెళ్లి ప్యానెళ్లు బిగించలేడు. మన డిస్కంలు, మన నెట్ మీటరింగ్ మీద ప్రశ్నలే అతనికి లాభం. కోరా తెలుగులోనూ ఉంది. ఇల్లు కదలకుండా పనిచేసే సాఫ్ట్‌వేర్ నిపుణులకైతే ఈ హద్దు లేదు.

నంబరు ఎక్కడ పెట్టాలి?

జవాబు కింద కాదు, ప్రొఫైల్‌లో. పేరు పక్కన ఒక్క వరుస... 'రూఫ్‌టాప్ సోలార్ ఇంజినీరు, తొమ్మిదేళ్ల అనుభవం' అన్నట్టు. జవాబు నచ్చినవారు ఆ పేరు నొక్కుతారు. వివరాలు అక్కడ దొరుకుతాయి. సొంత కంపెనీ వస్తువు గురించి రాయాల్సి వస్తే 'ఇది మా సంస్థదే' అని చెప్పి తీరాలి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో అది నిబంధన కూడా.

అసలు చిక్కు

ఈ పద్ధతిలో ప్రమాదం లేకపోలేదు. నోటిమాట గాలిలో కలిసిపోతుంది కానీ రాసిన జవాబు అక్కడే ఉంటుంది. రాయితీ మొత్తం మారినా పాత అంకె కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని నమ్మి అప్పుచేసినవారు రేపు నిలదీస్తారు. అందుకే ఏ ఏడాది లెక్కో జవాబులోనే రాయడం, ఆరునెలలకోసారి పాతవాటిని సరిచూసుకోవడం తప్పదు. ఎవరైనా తప్పు ఎత్తిచూపితే వాదనకు దిగకుండా సరిదిద్దుకుంటే పోయేదేమీ లేదు, గౌరవం పెరుగుతుంది.

ఇంకోటి... పదివేలమంది చదివారంటే పదిమంది ఫోన్ చేస్తారని కాదు. ఒక్కరూ చేయకపోవచ్చు. అసలు సంగతి తెలియాలంటే ఒకటే మార్గం: ఫోన్ చేసిన ప్రతివారినీ 'మా గురించి ఎక్కడ తెలిసింది?' అని అడిగి నోటుబుక్కులో రాసుకోవడం. వారానికి రెండు గంటలు వెచ్చించి ఆర్నెల్లయినా ఆ బుక్కులో 'జవాబు చదివి' అన్న మాట రాకపోతే ఎంచుకున్న ప్రశ్నలైనా తప్పయి ఉండాలి, చోటైనా తప్పయి ఉండాలి.

వచ్చిందనుకోండి... ఆ ఫోన్‌లో బేరం ధర దగ్గర మొదలవదు. 'కొబ్బరిచెట్టు నీడ గురించి రాసింది మీరేగా! మా డాబాకు కూడా ఒకటుందండీ' అంటూ మొదలవుతుంది.