తల నీడ నుంచి 42 డిగ్రీలు

సాయంత్రం వాన వెలిసి పడమట ఎండ కాస్తూ, తూర్పున ఇంకా జల్లు పడుతుంటే, హరివిల్లు కోసం ఆకాశం వెతకక్కర్లేదు. ఎండకు వీపు పెట్టి నిలబడి, ముందు మీ నీడ చూసుకోండి. మీ తల నీడ పడేచోటే ఆ విల్లుకు నడిబొడ్డు. అక్కణ్ణుంచి చుట్టూతా సుమారు 42 డిగ్రీల దూరంలో ఉన్న చినుకులే దాన్ని చూపిస్తాయి. అందుకే అది వలయం. కింది భాగానికి నేల అడ్డం వస్తుంది, అంతే.

చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. పొద్దు రెండు పిడికిళ్ల ఎత్తున, అంటే 20 డిగ్రీల్లో ఉందనుకుందాం. 42లోంచి 20 తీసేస్తే 22. విల్లు నడినెత్తి తూర్పు దిక్కున రెండు పిడికిళ్ల పైచిలుకు ఎత్తున ఉంటుంది. పొద్దు 42 డిగ్రీలు దాటి పైకెక్కితే విల్లు మొత్తం దిగంతం కిందికే పోతుంది. మిట్టమధ్యాహ్నపు వానలో హరివిల్లు కనబడకపోవడానికి కారణం ఇదే.

ఇంతకీ ఆ 42 ఎక్కడిది? వెలుగు చినుకులోకి దిగేటప్పుడు ఒకసారి వంగుతుంది. వెనక గోడను తాకి కొంత వెనక్కి మళ్లుతుంది. బయటపడేటప్పుడు మళ్లీ వంగుతుంది. బడి పుస్తకాల్లో బొమ్మ ఒక్క కిరణంతో సరిపెడుతుంది. నాకు ఎప్పుడూ అక్కడే చిక్కు. చినుకు ముఖమంతా ఎండ పడుతుంటే ఆ ఒక్క కిరణానికే ఎందుకంత పెద్దపీట? 1637లో ఫ్రెంచి పండితుడు డెకార్ట్ ఒక్కో కిరణానికీ లెక్క కట్టి జవాబు చెప్పాడు. చినుకు నడిమధ్యన తాకిన కిరణం వచ్చిన దారినే తిరిగిపోతుంది. అంచువైపు జరిగేకొద్దీ కోణం పెరుగుతుంది. కానీ 42 దాకా వెళ్లి, మళ్లీ తగ్గడం మొదలుపెడుతుంది. ఉయ్యాల కొసకు చేరి తిరిగేముందు కాస్త ఆగినట్టే, అక్కడ కిరణాలు గుమిగూడతాయి. ఆ గుంపే మనకు విల్లు. ఎరుపు తక్కువ వంగుతుంది కాబట్టి 42 దగ్గర, ఊదా ఎక్కువ వంగి 40 పైచిలుకు దగ్గర గుమిగూడతాయి. ఎరుపు బయటి అంచున ఉండేది ఇందుకే.

చినుకు లోపల వెలుగు ఒక్కసారి కాక రెండుసార్లు మళ్లితే గుంపు చేరే కోణం 51 డిగ్రీలకు మారుతుంది. అదే రెండో విల్లు. ఆ అదనపు మలుపు వల్ల రంగుల వరస తిరగబడి, ఎరుపు లోపలి అంచుకు వస్తుంది. మళ్లిన ప్రతిసారీ చాలా వెలుగు చినుకులోంచి బయటికి జారిపోతుంది. మిగిలినది కూడా మరింత వెడల్పున పరుచుకుంటుంది. అందుకే అది వెలిసిపోయినట్టుంటుంది.

ఒక మలుపు వెలుగు 42కు పైన, రెండు మలుపుల వెలుగు 51కి కింద రావు. కాబట్టి రెండు విల్లుల నడుమ ఆకాశం చుట్టుపక్కల కంటే నల్లగా కనిపిస్తుంది. పొద్దు 20 డిగ్రీల్లో ఉన్న ఆ సాయంత్రమే రెండో విల్లు కోసం చూస్తుంటే, మొదటిదాని మీద ఈ నల్లటి పట్టీ దాటి, మూడు పిడికిళ్ల ఎత్తున వెతకండి.