వ్యాక్స్ రాసుకున్న తల కడిగేదెలా?

పెళ్లికని సెలూన్‌లో జుట్టుకు వ్యాక్స్ పట్టించుకున్న కుర్రాడు మర్నాడు తలస్నానానికి కూర్చుంటాడు. ఎంత షాంపూ వేసినా నురగ రాదు. తల ఆరాక కూడా వెంట్రుకలు వేళ్లకు జిగటగానే తగులుతాయి. ఇక్కడ షాంపూ మార్చి లాభం లేదు, కడిగే వరస మార్చాలి.

జెల్‌తో ఈ తంటా లేదు. అందులో ఎక్కువ భాగం నీరే. ఆ నీరు ఆరిపోగానే మిగిలిన పాలిమర్ వెంట్రుకల మీద గట్టి పొరలా బిగుసుకుంటుంది. దువ్వితే ఆ పొర విరిగి తెల్లగా రాలుతుంది. దాన్ని చూసి చుండ్రని కంగారుపడేవాళ్లు చాలామంది. జెల్ పొట్టు వెంట్రుకలకే అంటుకుని ఉంటుంది, ఒక్క స్నానంతో పోతుంది. చుండ్రు మాడు మీదినుంచి లేస్తుంది, దురద పెడుతుంది, మళ్లీ మళ్లీ వస్తుంది.

వ్యాక్స్‌లో ఉండేది తేనెమైనం, పెట్రోలియం జెల్లీ లాంటివి. అది గట్టిపడదు కాబట్టి సాయంత్రం కూడా వేళ్లతో జుట్టు సరిచేసుకోవచ్చు. క్లేలో వీటికి తోడు బెంటొనైట్, కేయోలిన్ అనే మట్టి కలుస్తుంది. మట్టి జిడ్డును పీల్చి మెరుపు తగ్గిస్తుంది, పల్చటి జుట్టు ఒత్తుగా కనిపిస్తుంది. అలాంటి జుట్టున్నవారికి నా ఓటు క్లేకే. పొమేడ్ నున్నగా మెరిపిస్తుంది, కాని అందులో రెండు రకాలున్నాయి. డబ్బా మీద పదార్థాల జాబితాలో మొదట వాటర్ ఉంటే అది చాలావరకు నీళ్లతో వదులుతుంది. పెట్రోలేటమ్, లానోలిన్ మొదట ఉంటే వదలదు.

వేడినీళ్లు పోస్తే కరుగుతుందనుకోవద్దు. తేనెమైనం కరగాలంటే 60 డిగ్రీలు దాటాలి, ఆ వేడికి మాడు కాలుతుంది. మైనాన్ని వదిలించేది నూనె. తల తడపకముందే రెండు చెంచాల కొబ్బరినూనె రాసి, జుట్టు మొదళ్లదాకా ఐదు నిమిషాలు మునివేళ్లతో రుద్దాలి. జిగట పోయి జారుడుగా తగిలితే మైనం నూనెలో కలిసిందన్నమాట. అప్పుడు పాత తువ్వాలుతో ఒత్తి తుడిచి, పొడి తల మీదే షాంపూ రుద్ది, ఆ తర్వాత నీళ్లు పోయాలి. రెండోసారి షాంపూ వేసినప్పుడు నురగ బాగా వస్తే పని అయినట్టే. క్లే అయితే మట్టి రేణువులు పోయేదాకా ఇంకాస్త ఎక్కువసేపు నీళ్లు పోయాలి. బోరునీళ్లు వాడే ఇళ్లలో సబ్బుతో తల రుద్దకండి. ఆ ఉప్పునీటిలో సబ్బు విరిగి, మైనం మీద మరో పొర కడుతుంది.

చుండ్రు ఉన్నవాళ్లు నూనెను రాత్రంతా ఉంచకూడదు. చుండ్రుకు కారణమయ్యే మలసీజియా అనే ఫంగస్‌కు కొవ్వే ఆహారం. నూనె రాసిన పూటే కడిగేయాలి.

ఏది వాడినా బఠాణీ గింజంత తీసుకుని, అరచేతుల్లో రుద్ది, మాడుకు తగలకుండా వెంట్రుకలకే రాయండి. పడుకునేముందు కడిగేయండి. నుదుటి మీద, జుట్టు అంచు వెంబడి చిన్న చిన్న పొక్కులు లేస్తే రాయడం ఆపేయండి. కొన్ని వారాలకీ తగ్గకపోతే చర్మవైద్యుడికి చూపించండి.