పోచంపల్లి చీరకు మొహెంజొదారో ముడి

పోచంపల్లి ఇక్కత్ మీద సిద్ధాంత గ్రంథం రాస్తున్న ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. మొహెంజొదారోలో దొరికిన నూలు బట్ట పీలికతో ఉపోద్ఘాతం మొదలుపెట్టింది. మస్లిన్, గాంధీజీ రాట్నం, వినోబా భూదానం దాటుకుని పోచంపల్లి చేరేసరికి పదో పేజీ వచ్చింది. తాను దేన్ని పరిశోధిస్తోందో మాత్రం ఇంకా చెప్పనే లేదు.

సమస్య అర్థం కావడానికి అక్కరకొచ్చేదే నేపథ్యం. ఈమెకు కావలసిన సంగతులు మూడే. పోచంపల్లిలో నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు. ఆ డిజైన్లనే అచ్చువేసిన చౌక బట్ట బజారులో తిరుగుతోంది. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది. దీనికి ఒకటిన్నర పేజీ చాలు.

పరిశోధకులు ఉపోద్ఘాతాలు ఎలా రాస్తారో గమనించిన భాషాశాస్త్రవేత్త జాన్ స్వేల్స్, 1990లో అచ్చయిన పుస్తకంలో మూడు అడుగులు చెప్పాడు: రంగాన్ని చూపడం, అందులో ఖాళీని చూపడం, ఆ ఖాళీని తాను నింపడానికి దిగడం. చాలామంది జారేది రెండో అడుగులోనే. ‘ఈ అంశంపై పెద్దగా పరిశోధన జరగలేదు’ అని రాసేసి ముందుకు పోతారు. నేతకారుల చెప్పుల రంగు మీదా ఎవరూ పరిశోధన చేయలేదు, అంతమాత్రాన అది సమస్య అయిపోదు కదా!

అసలు సమస్య రెండు నిజాలు పొసగని చోట ఉంటుంది. గుర్తింపు కాపాడేది సరుకు పేరును. మాస్టర్ వీవర్ దగ్గర నూలు తెచ్చుకుని మజూరీకి నేసే మనిషిదా ఆ చీర? కాదు. మరి పేరు వల్ల ధర పెరిగితే, అందులో ఆ మజూరీకి చేరేదెంత?

ఇక్కడికొస్తే లక్ష్యం ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: ‘భౌగోళిక గుర్తింపు మజూరీ నేతకారుల ఆదాయంపై చూపిన ప్రభావాన్ని తేల్చడం.’ బాగానే ఉందనిపిస్తుంది. కానీ గైడు ఒక్కమాట అడుగుతారు: “2005కు ముందరి మజూరీ లెక్కలు నీకెక్కడ దొరుకుతాయమ్మా?”

రాతపూర్వక లెక్కలు లేకపోతే మిగిలేది జ్ఞాపకాలే. ఇరవై ఏళ్ల కిందటి కూలిని రూపాయల్లో కచ్చితంగా చెప్పడం ఎవరికైనా కష్టం. దొరికినా, పెరుగుదల గుర్తింపు వల్లే వచ్చిందా, నూలు ధర వల్లా అన్నది విడదీయలేం. అందుకే లక్ష్యాన్ని తగ్గించుకోవాలి: ‘నేటి మజూరీ నిర్ణయంలో గుర్తింపు పాత్రను పరిశీలించడం.’ ప్రశ్నలు దాన్నుంచే పుడతాయి. ఆ చట్టం కింద అధీకృత వినియోగదారులుగా నమోదైంది ఎవరు? చీరకు మజూరీ ఎవరు, ఏ లెక్కన కడతారు? ఆ బేరంలో గుర్తింపు ప్రస్తావన వస్తుందా? మొదటిదానికి రిజిస్టరు చూడాలి, తక్కిన రెండింటికీ మగ్గాల దగ్గర కూర్చోవాలి.

ఇంత సరిచేశాక ఆమె అట్ట మీది శీర్షిక వైపు చూసింది. అక్కడ ‘ప్రభావం’ అన్న మాట ఇంకా అలాగే ఉంది.