షీట్‌లోని పనులు ట్రాకర్‌లోకి ఎక్కేటప్పుడు

ఎక్సెల్ షీట్‌లో రాసుకున్న పనుల జాబితాను జిరా లాంటి ట్రాకర్‌లోకి మార్చడానికి మామూలుగా వాడే దారి సీఎస్వీ ఫైలు. షీట్‌ను `CSV UTF-8` గా సేవ్ చేయాలి. వట్టి `CSV` ఎంచుకుంటే తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలైపోతాయి. తర్వాత ఏ కాలమ్ ఎక్కడికి వెళ్లాలో ట్రాకర్‌కు చూపించి ఎక్కిస్తారు. పనుల పేర్లు ఇబ్బంది లేకుండా వచ్చేస్తాయి. తంటా అంతా గడువు, బాధ్యులు, పాత చరిత్రలతోనే.

అన్నిటికంటే మోసం చేసేది గడువు తేదీ. అమెరికా పద్ధతిలో సెట్ చేసిన కంప్యూటర్‌లో ఏప్రిల్ 3 అనుకుని 03/04/2025 కొడితే ఎక్సెల్ దాన్ని మార్చి 4గా తీసుకుంటుంది. అక్కడే 15/04/2025 కొడితే, పదిహేనో నెల లేదు కాబట్టి తేదీగా గుర్తించక వట్టి అక్షరాలుగా వదిలేస్తుంది. అలైన్‌మెంట్ ఎవరూ మార్చకపోతే అక్షరాలు గడిలో ఎడమకు, తేదీలు కుడికి ఉంటాయి. ఎడమవైపువి కంటికి కనిపిస్తాయి కాబట్టి నయమే. తారుమారై కూడా కుడివైపు బుద్ధిగా కూర్చున్నవే ప్రమాదం. ఒకే కాలమ్‌లో రెండు రకాలూ ఉంటే, నెలలో మొదటి 12 రోజుల తేదీలన్నిటినీ రాసినవాళ్లను అడిగి సరిచూడాలి. సరిచేశాక అన్నిటినీ ఒకే రూపంలోకి తేవచ్చు:

```
=TEXT(D2,"yyyy-mm-dd")
```

జిరాలో మాత్రం తేదీ రూపాన్ని `yyyy-MM-dd` అని చెప్పాలి. అక్కడ చిన్న `mm` అంటే నిమిషాలు. అలా రాస్తే 04 నిమిషాల్లోకి పోయి, ఏప్రిల్ గడువు జనవరికి మారిపోతుంది.

ఇక బాధ్యులు. షీట్‌లో ఒకే మనిషి ‘రమేష్’, ‘రమేష్ గారు’, ‘రమేష్/లత’ అని మూడు రకాలుగా ఉంటాడు. ట్రాకర్‌కు కావలసింది పేరు కాదు, అకౌంట్. అందుకే ఏ పేరుకు ఏ ఈమెయిలో ముందే చిన్న పట్టిక రాసుకోవాలి. జిరాలో ఒక పనికి బాధ్యులు ఒక్కరే. ఇద్దరి పేర్లున్న చోట ఎవరి పనో ఆఫీసులోనే తేల్చుకుని, రెండో మనిషిని వాచర్‌గా చేర్చాలి.

షీట్‌లో ఏ గడి ఎప్పుడు మారిందన్న వివరం సీఎస్వీలోకి రాదు. ట్రాకర్ సొంత చరిత్ర ఎక్కించిన రోజే మొదలవుతుంది. కాపాడుకోగలిగింది రిమార్క్స్ కాలమ్‌నే. ‘12/3 వెండర్‌కి ఫోన్ చేశాం, 18/3 కొటేషన్ వచ్చింది’ అని ఒకే గడిలో ఉన్నదాన్ని విడగొట్టి, ఒక్కో వ్యాఖ్యకు `Comment` అనే పేరుతో ఒక్కో కాలమ్ ఇస్తే అది దాని అసలు తేదీతోనే చేరుతుంది:

```
2025-03-18; ramesh; కొటేషన్ వచ్చింది
```

జిరా క్లౌడ్‌లో `ramesh` ఉన్న చోట అకౌంట్ ఐడీ రాయాలి.

షీట్‌లోని వరస సంఖ్యను కూడా ఒక ఫీల్డ్‌గా వెంట తీసుకెళ్లాలి. ముందు పది వరసలు మాత్రమే ఎక్కించి, వాటిని తిరిగి ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ సంఖ్య ఆధారంగా గడువులూ బాధ్యులూ షీట్‌తో సరిపోతున్నాయో లేదో చూడాలి. సరిపోయాకే మిగతావి. అన్నీ ఎక్కిన రోజునే పాత షీట్‌ను చదవడానికి మాత్రమే వీలుండేలా మార్చేయాలి, లేదంటే కొందరు అందులోనే గడువులు మారుస్తూ పోతారు.